మూడు గంటల వెచ్చదనం

డ్రయ్యర్ బట్టలు ఆరబెట్టడం లేదని నాకు ఫోన్ చేసేవాళ్లలో పదింట తొమ్మిది ఇళ్లలో డ్రయ్యర్‌కి ఏ రోగమూ ఉండదు. రోగమంతా వాడేవాళ్ల బద్ధకంలో ఉంటుంది. ఒక్క వాయికే నాలుగు దుప్పట్లు కుక్కుతారు, బట్టల నూగు పట్టే జల్లెడను నెలల తరబడి ముట్టుకోరు, ఆ పైన మెషీన్‌ని తిడతారు. ఇరవై ఏళ్లుగా ఇదే చూసి చూసి నా నోరు కొంచెం కటువైంది. ఆ మధ్యాహ్నం ఆ ఇంటి గుమ్మం తొక్కినప్పుడు కూడా తిట్లు సిద్ధంగానే ఉన్నాయి.

తలుపు తీసింది ఇంటి కోడలు. బళ్లో టీచరట, నా కోసం సగం రోజు సెలవు పెట్టింది.

"ఏడు నెలల్నించీ ఇదే గోలండీ," అంది లోపలికి దారి చూపిస్తూ. "మొదట్లో గంటకి ఆరేవి. ఇప్పుడు రెండు గంటలు తిప్పినా తువ్వాళ్లు పిండితే చెయ్యి తడుస్తుంది. వాసన కూడా."

"రోజూ ఎన్నింటికి వేస్తారు?"

"పొద్దున్నే ఉతికి, ఇందులో వేసి, మూడింటికి మొదలయ్యేలా టైమర్ పెట్టి బడికి పోతాను. నేనొచ్చేసరికి వేడివేడిగా తీసి మడతపెట్టుకోవచ్చని. ముందే ఆరిపోయి అలా పడుంటే ముడతలు పడతాయి కదా. ఆదివారం మాత్రం వెయ్యను."

డ్రయ్యర్ వంటింటి వెనక ఇరుకు గదిలో ఉంది. దాని పక్క గోడకు అవతల ఒక పడకగది. ఆ గది గుమ్మంలో తెల్లజుట్టు పెద్దావిడ నిలబడి నన్ను చూస్తోంది. నేను నమస్కారం పెట్టాను. ఆవిడ బదులు చెప్పకుండా లోపలికి వెళ్లిపోయింది.

"మా అత్తయ్య. చెవులు బొత్తిగా వినబడవు," అంది కోడలు. తర్వాత గొంతు తగ్గించింది. వినబడని మనిషి దగ్గర గొంతు ఎందుకు తగ్గించిందో ఆమె చెప్పింది విన్నాక అర్థమైంది. "మామయ్య పోయి ఏడు నెలలు. అప్పట్నుంచీ రోజూ మూడింటికి ఆయన వస్తున్నారంటుంది. గోడలోంచి ఊపిరి వదులుతున్నారట. ఆయన ఫ్యాక్టరీ నుంచి మూడింటికే వచ్చేవారు లెండి, పని చేసినన్నాళ్లూ. మావారు ఓ ఆదివారం పక్కనే కూర్చుని చూశారు. ఏమీ లేదు. ఆదివారం రారు, ఆయనకి సెలవు అంది. దయ్యాలకీ సెలవులుంటాయా అని మేం నవ్వుకున్నాం."

ఆమె ఇప్పుడు మాత్రం నవ్వలేదు.

"ఇంట్లో ఒక్కతే ఉంటుంది. గోడకి చెయ్యి ఆనించి మాట్లాడుకుంటూ ఉంటుందని పక్కింటావిడ కిటికీలోంచి చూసి చెప్పింది. సోమవారం హోంలో చేర్పిస్తున్నాం. మతి తప్పినవాళ్లని చూసుకునే చోటు. నాకేం సరదా కాదండీ. కానీ పొయ్యి వెలిగించి మర్చిపోతే?"

ఇది నా పని కాదనుకుని సంచీ దించాను.

ముందుగా, ఉతికే మెషీన్‌లోంచి అప్పుడే తీసిన తువ్వాలు పిండాను. చుక్క రాలేదు. బాగానే పిండి ఇస్తోంది, తప్పు దానిది కాదు. బట్టలు సగానికే వేశారు, అదీ సరే. డ్రయ్యర్ వేసి పది నిమిషాలాగి తలుపు తీస్తే ముఖానికి వేడి ఆవిరి కొట్టింది. హీటర్ పనిచేస్తోంది. జల్లెడ తీసి చూశాను. తళతళలాడుతోంది.

"అది మాత్రం రోజూ దులుపుతాను," అంది కోడలు, నా మనసు చదివినట్టు.

"కుళాయి కింద పట్టండి."

పట్టింది. నీళ్లు జల్లెడ మీద పళ్లెంలో నిలిచినట్టు నిలిచాయి. ఒక్క బొట్టు కిందికి దిగలేదు. కోడలు నోరు తెరిచింది.

"బట్టల్లో సువాసన కాగితాలు వేస్తారా?"

"వాయికి రెండు."

"వాటి మైనం ఇది. కంటికి కనబడదు. నీళ్లు దిగనిచోట గాలేం దిగుతుంది?" సబ్బూ మెత్తటి బ్రష్షూ పెట్టి తోమించాను. డ్రమ్ములో తడిని పసిగట్టే రెండు లోహపు పట్టీల మీద కూడా అదే జిడ్డు. అది పడితే బట్టల తడి వాటికి తెలియదు, ఆరిపోయాయనుకుని మెషీన్ ముందే ఆగిపోతుంది. తుడిచేశాను. పని అయిపోయిందని లోలోపల మీసం మెలేసుకుని మళ్లీ వేశాను.

పావుగంట తర్వాత తలుపు అద్దం మీద ఆవిరి కమ్ముకునే ఉంది. తువ్వాళ్లు ఉడికినట్టున్నాయి తప్ప ఆరలేదు.

ఇంటి వెనక్కి పోయాను. డ్రయ్యర్ గాలి బయటికొచ్చే గొట్టం మూతి గోడకు మోకాలెత్తులో ఉంది. గాలి తోసినప్పుడు తెరుచుకునే రేకు మూత దానికి. ఆ మూత మీద ఎవరో సన్నటి ఇనుప వల బిగించారు. వల వెనక బూడిదరంగు నూగు దుప్పటి ముక్కలా అతుక్కుపోయి ఉంది.

"పిచ్చుకలు గూడు పెడుతున్నాయని మావారు ఆ వల కొట్టారు. మామయ్య పోయాక," అంది కోడలు.

బయటి మూతికి వల కట్టకూడదని చెప్పే ఓపిక కూడా లేకపోయింది. పీకి పారేసి, నూగంతా లాగి, చెయ్యి అడ్డం పెట్టాను. డ్రయ్యర్ లోపల తిరుగుతూనే ఉంది, చప్పుడు వినబడుతోంది. చేతికి మాత్రం గాలి తగల్లేదు. మూత కదల్లేదు.

అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. మెషీన్ బకెట్లకొద్దీ వేడి గాలి తోస్తోంది. బయటికి రావడం లేదు. ఏడు నెలలుగా రోజూ రెండు గంటలు ఆ గాలి ఎక్కడికి పోతోంది?

లోపలికి వస్తుంటే పెద్దావిడ గది తలుపు తీసి ఉంది. మంచం తలవైపు గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది, బంధువులెవరో వచ్చినప్పుడు నవ్వినట్టు.

"ఇవాళ ఆయన తొందరగా వచ్చారు బాబూ," అంది. "ఇంకా మూడు కాలేదు."

గోడ గడియారం చూశాను. మూడుకి పది నిమిషాలు తక్కువ.

దగ్గరికి వెళ్లాను. గోడకు అంటించిన పూల కాగితం ఆవిడ చేతి పక్కన మెల్లగా ఉబ్బింది. ఆగింది. గోడకు అతుక్కుంది. మళ్లీ ఉబ్బింది. నిద్రపోతున్న మనిషి ఛాతీ అలాగే లేచి పడుతుంది. నేను చెయ్యి పెట్టాను. వెచ్చగా, చెమ్మగా ఉంది. కాగితం మీద అరచెయ్యంత చోట పువ్వుల రంగు పూర్తిగా వెలిసిపోయింది, రోజూ ఆవిడ చెయ్యి పెట్టే చోటు అది.

వెనక కోడలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కాగితం ఉబ్బడం ఆమె కూడా చూసింది.

"అమ్మో," అంది.

పరిగెత్తుకెళ్లి డ్రయ్యర్ ఆపి, ప్లగ్ పీకాను. తిరిగి వచ్చేసరికి కాగితం గోడకు అణిగిపోయి ఉంది. పెద్దావిడ అయోమయంగా గోడ తడుముతోంది.

"వెళ్లిపోయారు. ఏం చేశావు బాబూ?"

చాకు తీసి కాగితం కోశాను. దాని వెనక గోడలో చదరపు కన్నం. లోపలికి చెయ్యి పెడితే వేళ్లకు జుట్టు తగిలింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. టార్చి వేసి చూస్తే జుట్టు కాదు, నూగు. కన్నం నిండా, గోడ లోపలంతా పరుపులో దూదిలా కూరుకుపోయిన నూగు, ఏడు నెలల తువ్వాళ్లదీ చొక్కాలదీ. దాని మధ్యలో, గోడలోంచి బయటికి పోయే డ్రయ్యర్ గొట్టం అతుకు ఊడి నోరు తెరుచుకుని ఉంది. అతుకు పట్టీ ఒకటి ఊడి దాని మీద వేలాడుతోంది. గాలి తోస్తే లేచి, మళ్లీ పడి, లేచి, మళ్లీ పడి. అదే ఊపిరి.

మూతి దగ్గర వల పూడుకుపోయింది, గాలికి దారి లేక అతుకు తెగింది, ఆ తర్వాత పోగయిన నూగే లోపలి దారి కూడా మూసేసింది. ఇంక బట్టలు ఆరమంటే ఎలా ఆరుతాయి? పట్టీకి దగ్గరున్న నూగు చేతిలోకి తీసుకుంటే ఎండుటాకులా కరకరలాడుతోంది. ఒక్క నిప్పురవ్వ పడితే మంచంతో సహా అంతా పోయేది. ఆ మంచం మీద పడుకునేది ఎవరో చూస్తూనే ఉన్నాను.

కోడలికి చెప్పాను. ఆమె గోడకేసీ అత్తగారికేసీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "అత్తయ్యా, మీరు చెప్పింది నిజమే. గోడలోంచి గాలి వస్తోంది. డ్రయ్యర్ గాలి. నేను రోజూ మూడింటికి పెట్టి పోతున్నాను."

పెద్దావిడ కన్నంలోకి తొంగిచూసి కోడలి వైపు తిరిగింది.

"అయితే నాకు పిచ్చి లేదా?"

"లేదత్తయ్యా," అని కోడలు ఆవిడ భుజం మీద పడి భోరుమంది. "మాకే బుద్ధి లేదు."

ఆవిడ కోడలి వీపు నిమురుతూ కన్నం వైపు చూసింది. "ఇది ఆయన కోసిందే. పైపు బిగించడానికి. ఆదివారం ఆదివారం వెనక్కి పోయి ఏదో గోకుతుండేవారు. ఏం చేస్తున్నారని ఒక్కనాడూ అడగలేదు నేను."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. వెనకగోడకు, గొట్టం మూతి పక్కనే, మేకుకి ఒక పొడుగు బ్రష్ వేలాడుతోంది. తుప్పు పట్టి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆ మనిషి ప్రతి ఆదివారం గొట్టం శుభ్రం చేసుకుంటూ వచ్చాడు. ఆయన పోయాడు, ఆ పని ఆగిపోయింది, గోడ ఊపిరి తీయడం మొదలుపెట్టింది. ఆయన పోయినప్పటినుంచే అని పెద్దావిడ అన్నమాట అక్షరాలా నిజం.

సాయంత్రం దాకా పట్టింది. నూగు మూడు బస్తాలు తీశాను. గట్టి రేకు గొట్టం వేసి, లోపలికి మరమేకు పొడుచుకురాకుండా పట్టీలు బిగించి, లోహపు టేపు చుట్టాను. వేసి చూస్తే బయటి మూత ఠక్కున లేచి నిలబడింది. నలభై నిమిషాల్లో తువ్వాళ్లు ఆరాయి.

కోడలు నా ముందే హోంకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పేసింది. పెద్దావిడ గోడ మీద చెయ్యి పెట్టి చూసుకుంది. చల్లగా ఉంది.

"రేపు కూడా ఇలాగే ఉంటుందా బాబూ?"

నేను బాగుచేసిన మెషీన్ గురించి అబద్ధం చెప్పలేదు ఎప్పుడూ. ఆ ఒక్కసారి చెప్పాలనిపించింది.

"ఇలాగే ఉంటుంది మామ్మగారూ," అన్నాను గట్టిగా. ఆవిడ ముఖం చూడలేక చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి, లేచి ఉన్న రేకు మూత ముందు నిలబెట్టాను. వంగి, అరచెయ్యి పెట్టింది. వెచ్చటి గాలి ఆవిడ ముంగురులను కదిలించింది. కాసేపు కళ్లు మూసుకుని అలాగే ఉంది. తర్వాత మేకు మీద బ్రష్ తీసి పైటతో తుడవడం మొదలుపెట్టింది.

నెల తర్వాత కోడలు ఫోన్ చేసింది. నా నోరు అలవాటుగా తిట్లు పోగేసుకుంది, మళ్లీ ఆరడం లేదేమోనని.

"బ్రహ్మాండంగా ఆరుతున్నాయండీ. గొట్టం సంగతి అత్తయ్యే చూసుకుంటోంది, ఆ బ్రష్ మమ్మల్ని ముట్టుకోనివ్వదు." ఆమె ఆగింది. "ఒక్కమాట అడగాలని చేశాను. బట్టలు ఇప్పుడు ముప్పావుగంటకే అయిపోతున్నాయి కదా. మూడింటికి వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. మూత పడిపోయాక కూడా చూస్తూ ఉంటోంది. బట్టలు లేకుండా ఇంకో గంట ఉత్తినే తిప్పితే మెషీన్‌కి ఏమైనా అవుతుందా?"

"ఏం కాదు," అన్నాను. "తిప్పండి."