పరీక్షకు పెట్టిన రెండు లోటాలు

కొడుకు ముక్కు పనిచేయడం లేదని భాగీరథమ్మకు చేటలోని గింజలే చెప్పినాయి.

కాటన్‌పేటలో వాళ్ళది కాఫీపొడి అంగడి. మొగుడు పోయిన ఎనిమిదేండ్లుగా కొడుకు మునిరాజే గింజలు వేయించి, కలిపి, పొడి చేసి అమ్మేది. వేయించే ముందు రాళ్ళు ఏరే పని ఆమెది. గింజల్లో పొడుగ్గా ఉండే రకం అరబికా, పొట్టిగా గుండ్రంగా ఉండేది రోబస్టా. ఏడు పాళ్ళు అదీ, మూడు పాళ్ళు ఇదీ ఆ అంగడి వాడుక. అట్లాంటిది, ఆ వానాకాలం మునిరాజుకు జ్వరమొచ్చి తగ్గినాక, ఆమె చేటలోకి గుండ్రటి గింజలే ఎక్కువ రాసాగినాయి.

అడిగితే మొదట కసురుకున్నాడు. రెండోనాడు తానే చెప్పినాడు, జ్వరం నుంచి ఏ వాసనా తెలీడం లేదని. అరబికా బతుకంతా వాసనలోనే ఉంది. ముక్కు లేనివాడికి అది కాస్త పులిసిన వేడినీళ్ళు. నాలుకకు తగిలేది రోబస్టా చేదూ, చిక్కదనమూ. అవి తగిలేదాకా కలుపుతా పోయినాడు. పాళ్ళు తిరగబడి మూడూ ఏడూ అయినాయి.

"మీ నాయన కొలతే వెయ్యరాదా అప్పా?" అనిందామె.

"ఏ మూట గింజ ఆ మూటదేనమ్మా. నాయన ఏడూ మూడూ అంటాండె గానీ, అరచేతిలో పొడి రుద్ది ముక్కు దగ్గర పెట్టుకొని మూచూసి ఎక్కువా తక్కువా చేస్తాండె. నేనేం పెట్టి చూసేది?"

ఆమెకు ఆ రోజు నుంచి అదే దిగులు. ముక్కు పోయినవాడికి నాలుక మాత్రం ఉంటుందా, అదీ పోయే ఉంటుంది, రేపు అంగడీ పోతుంది అని లోపల్లోపలే కుమిలింది.

భయపడినట్టే బళేపేట హోటలు వెంకటరాయప్ప వచ్చినాడు. మొగుడి కాలం నుంచీ అంగడి పొడిలో సగం ఆయనకే పోతుంది. హోటల్లో జనం కాఫీని కషాయమంటున్నారనీ, తనకే రెండు లోటాలు తాగితే గుండె దడదడలాడుతోందనీ మొదలుపెట్టినాడు.

"రోబస్టాలో కెఫీను దగ్గరదగ్గర రెండింతలు ఉండాదప్పా. అది వద్దని అనను. ఉత్త అరబికా మా పాలల్లో పడితే అడ్రసు లేకుండా పోతాది. వాసనకు అది, పాలకు తట్టుకునేదానికి ఇది. నువ్వు పెండ్లికొడుకును ఇంట్లో పెట్టి, బండెద్దులను పంపిస్తుండావు."

మునిరాజు నవ్వలేదు, నిజమూ చెప్పలేదు. మూట చెడ్డది వచ్చిందన్నాడు. పెద్దాయనకు ఆ మాట మీద నమ్మకం కుదరక, సోమవారం వస్తానని ఒక పరీక్ష పెట్టినాడు. ఒక లోటాలో పాత పాళ్ళ కాఫీ, ఒక లోటాలో ఇప్పటిది పెట్టాలి. మునిరాజు తాగి ఏది ఏదో చెబితే మూటదే తప్పని నమ్ముతాడు. చెప్పలేకపోతే పొడి ఇంకోచోట తీసుకుంటాడు.

సోమవారం పొద్దున భాగీరథమ్మ వంటింట్లో రెండు ఫిల్టర్లు పెట్టింది. కొడుకు నాలుక మీద ఆమెకు నమ్మకం లేదు. రెండిట్లోనూ ఏడూ మూడూ పొడే వేసింది. వాడు ఏ లోటా చూపించి ఇది మా నాయనదన్నా అబద్ధం కాదు కదా అనుకొనింది. రెండోది కూడా వెంకటరాయప్ప తాగుతాడన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

మునిరాజు ఒకటి తాగినాడు, రెండోది తాగినాడు. మళ్ళీ మొదటిది తాగినాడు. చివరికి ఎడమచేతి లోటా చూపించి, ఇది నాయనదన్నాడు. కుడిది చేదన్నాడు.

వెంకటరాయప్ప రెండూ తాగినాడు. తొందరపడకుండా తాగినాడు. భాగీరథమ్మ వైపు చూసినాడు, ఆమె తల వంచుకొనింది. "కాఫీ బాగుండాదమ్మా. రెండూనూ," అని, పొడి అడక్కుండానే చెప్పులు వేసుకొని పోయినాడు.

మునిరాజు బల్లమీద కూలబడినాడు. "నాకు రెండూ ఒకటే మాదిరి ఉండెనమ్మా. చేదు కూడా తెలీలేదు. నాలుకా పోయిందనుకొని, ఏదో ఒకటి చూపిస్తి."

ఆమె చెప్పేసింది. రెండిట్లోనూ ఒకే పొడి వేసినానని. వాడు రెండు లోటాలనూ మార్చి మార్చి చూసినాడు.

"వేరేగా పెట్టుంటే చెప్పేవాణ్ణి. చేదొక్కటి నాకు బాగా తెలుస్తాది," అన్నాడు.

ఇప్పుడే పోయి ఆయనకు నిజం చెబుదామని లేచిందామె. వాడు వద్దన్నాడు. చెప్పినా ఇది రెండో ఎత్తు అనుకుంటాడన్నాడు. అనుకోకపోయినా, ముక్కు లేనివాడి దగ్గర పొడి ఎవరు కొంటారన్నాడు.

లోటాల అడుగున మిగిలిన కాఫీ చల్లారిపోయింది. భాగీరథమ్మ వాటిని తొట్టి దగ్గరికి తీసుకపోయింది. చల్లారినా ఇంకా వాసన వస్తానే ఉంది, ఆమె మొగుడు అరచేతిలో రుద్ది చూసిన వాసన. వాడికి వినబడకుండా పారబోసి, నీళ్ళు పోసింది.