నక్షలో లేని మలుపు

తాండూరు గంజ్ వెనక కొత్త బస్తీకి నల్లాలు వచ్చింది అరవై ఒకటిలో. బావి తవ్వించడం, ట్యాంకు కట్టించడం, భూమిలో పైపులు వేయించడం అంతా ఓవర్సీర్ జహూర్ చూసుకున్నాడు. పని అయిపోయాక స్కీమును నడిపేవాళ్లకు అప్పగించాలి. దానికి ఇరవై మూడు అంశాల పట్టీ ఒకటి ఉంటుంది. పంపు నడిపి చూపించాలి, తాళంచెవులు ఇవ్వాలి, విడి సామాను లెక్కపెట్టి ఇవ్వాలి. ఒక్కో అంశం ముందు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు ఇద్దరూ సంతకం పెట్టాలి.

తీసుకునేవాడు ఫిట్టర్ మత్తయ్య. పద్నాలుగో అంశం దగ్గర ఆగిపోయాడు. 'పైపులు వేసిన తీరుగా నక్ష దిద్ది, ప్రతి వాల్వునూ చోటుకు పోయి చూపించాలి' అని ఉంది అక్కడ.

"లైను పొడుగునా ఒకసారి నడుస్తమా సాబ్?"

జహూర్‌కు వికారాబాదులో కొత్త పని ఇచ్చారు. మధ్యాహ్నం రైలుకు పోవాలి. "అంతా నక్షల ఉన్నది మత్తయ్యా. సంతకం వెయ్యి" అన్నాడు.

నక్షలో లేని సంగతి ఒకటి ఆయనకు తెలుసు. గంజ్ బజారు దగ్గర నాపరాయి అడ్డం వస్తే, పైపును వీధిలోంచి తప్పించి ఇళ్ల వెనక నుంచి తిప్పించాడు. వాల్వు గుంత కూడా అటే కట్టించాడు. నక్ష తర్వాత దిద్దుదామనుకున్నాడు, దిద్దలేదు. ఓవర్సీర్ సాబ్ మాట కాదనలేక మత్తయ్య సంతకం పెట్టాడు.

నాలుగు నెలలకు, ఎండాకాలంలో వికారాబాదుకు కబురు వచ్చింది. పైపు పగిలింది, వాల్వు దొరకడం లేదు, వెంటనే రమ్మని.

జహూర్ వచ్చేసరికి వీధి రెండు చోట్ల తవ్వి ఉంది. కింద పైపు లేదు, ఉత్త రాయి. లీకైనచోట నీళ్లు నాపరాయి పొరల సందుల్లోంచి పారి, ఎక్కడో దూరాన వీధిలో పైకి ఉబికాయి. నక్ష కూడా అక్కడే పైపు ఉందని చెప్పింది. అందుకని అక్కడే తవ్వారు. గంజ్ లైను ఒక్కటే మూసే వాల్వు దొరకక, ట్యాంకు కిందున్న పెద్ద వాల్వును మూశారు. రెండు రోజులుగా బస్తీ మొత్తానికి నీళ్లు లేవు. ఆడవాళ్లు కాగ్నా నదికి బిందెలతో పోతున్నారు.

గుంతలో మత్తయ్య మోకాళ్ల దాకా బురదలో ఉన్నాడు. గట్టు మీద ఇంజినీరు నాగేశ్వర్ పట్టీ చేతిలో పట్టుకుని అరుస్తున్నాడు.

"వాల్వులన్నీ చూసిననని నువ్వే సంతకం పెట్టినవు. చూసినోనివి ఎట్ల మర్చిపోయినవు? మెమో ఇస్తున్న. నౌకరీ ఉంటదో ఊడుతదో!"

మత్తయ్య తలెత్తి జహూర్ వైపు చూశాడు. జహూర్ చూపు దించుకుని, "ఇటు రండి" అని ఇళ్ల వెనక్కి నడిచాడు.

ఇమాంబీ అనే ముసలామె ఇంటి వెనక, మట్టి కింద ఇనప మూత దొరికింది. పదడుగుల అవతల తవ్వితే, రెండు పైపులు కలిసే జోడు దగ్గర పోసిన సీసం ఊడి ఉంది. ఆ నీళ్లకు అడుగున నాని, ఆమె వెనక గోడ ఆ రోజే కూలిపోయింది. గోడ మట్టిలోంచి పగలని పెంకులు ఏరుకుంటోంది ఇమాంబీ.

చెమటతో నిలబడ్డ జహూర్‌ను చూసి ఆమె లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"తాగు బేటా. మస్తు ఎండ ఉన్నది. పొద్దుగాల కాగ్నాకు పోయి తెచ్చిన."

తాగకుండా తిరిగి ఇస్తే ఆమె నొచ్చుకుంటుంది. తాగాడు. ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

నేరుగా ఇంజినీరు దగ్గరికి వచ్చాడు. "సాబ్, మత్తయ్యకు నేను చూపియ్యలే. లైను మలిపింది నేను, నక్ష దిద్దంది నేను. నడుస్తమా అని అడిగిండు, నేనే వద్దన్న. జబర్దస్తీగ సంతకం పెట్టిచ్చిన."

నాగేశ్వర్ చేతిలోని పట్టీ మడిచాడు. "ఇందాక నేను తిడుతుంటే ఎందుకు ఊకున్నవు?"



జహూర్ చెప్పిందంతా కాగితం మీద రాయించుకున్నారు. మత్తయ్యకు మెమో ఇవ్వలేదు. అది జహూర్ పేరున వచ్చింది, ఆయన ప్రమోషను ఆగిపోయింది. గంజ్ వాల్వు మూసి మిగతా బస్తీకి ఆ సాయంత్రమే నీళ్లు వదిలారు. జోడుకు మళ్లీ సీసం పోశారు. ఇమాంబీ గోడను తర్వాత జహూర్ దగ్గరుండి కట్టించాడు.

నీళ్లు వదిలిన మర్నాడు పద్నాలుగో అంశం మళ్లీ మొదలైంది. ఈసారి మత్తయ్య ముందు నడిచాడు. ఒక్కో మూత తీయించి, వాల్వు మూసి, ఆ వీధి నల్లా ఆగిందో లేదో చూసి, మళ్లీ తెరిచి, అప్పుడు నక్షలో గుర్తు పెట్టించాడు. దగ్గరి గోడ మూల నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి రాయించాడు. తొమ్మిది వాల్వుల్లో ఇంకో రెండు నక్షలో చూపిన చోట లేవు. అవి బయటపడినప్పుడల్లా జహూర్ చెవులు మండాయి.

చివరి వాల్వు ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోలేదు. నల్లా సన్నగా కారుతూనే ఉంది.

జహూర్ మెల్లగా అన్నాడు: "జరంత కారుతున్నది. రిపేరు తర్వాత జేయిస్త. అయిందని రాద్దామా?"

మత్తయ్య కలం జేబులో పెట్టుకున్నాడు.

"రాయను సాబ్. ఇది ఒప్పుకోను."

ఆ మాట కోపంగా అనలేదు. అందుకే జహూర్ తల మరింత వంగింది. వికారాబాదుకు ఇంకో రోజు రాలేనని కబురు పంపి, పానా తీసుకుని గుంతలోకి తానే దిగాడు.