బ్రాంబుల్ లేని పుస్తకం

ఆ సాయంత్రం నార్విచ్ గ్రంథాలయం హాల్లో ఆంబ్రోస్ థ్రెల్‌ఫాల్ మంచి ఊపు మీద ఉన్నాడు. అప్పటికి అతని డిటెక్టివ్ నవలలు ఏడు వచ్చాయి. ఏడింట్లోనూ నేరాలు ఛేదించేది ఒర్లాండో ఫ్రేక్. పచ్చి ఉల్లిపాయలు కొరుక్కు తింటాడు, గడియారం టిక్కుటిక్కుమనే గదిలో కూర్చోడు. కథ చెప్పేది మాత్రం అతని మిత్రుడు బ్రాంబుల్, బడిపంతులుగా చేసి రిటైరైన సాదాసీదా మనిషి.

ముందు వరసలోని ఒకావిడ లేచి, "ఫ్రేక్ అంత మేధావి కదండీ, ఆ బ్రాంబుల్‌ని ఎందుకు వెంటేసుకు తిరుగుతాడు?" అని అడిగింది.

"పాఠకుడికి తాను తెలివైనవాణ్ణని అనిపించాలంటే పక్కన ఓ మొద్దు ఉండాలమ్మా," అన్నాడు థ్రెల్‌ఫాల్. "నా అదృష్టం, అలాంటివాడు నాకు ఊళ్ళోనే దొరికాడు. ప్రతి శనివారం మా ఇంటికొస్తాడు, మా పంది మాంసం కూరిన రొట్టె తింటాడు, నేను చదివింది విని తప్పు మనిషిని హంతకుడంటాడు. ఆ మాట ఉన్నదున్నట్టు రాసేస్తాను. అదే బ్రాంబుల్!"

హాలంతా ఘొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. నవ్వులు తగ్గాక థ్రెల్‌ఫాల్ తల పైకెత్తాడు. వెనక తలుపు దగ్గర, బురద బూట్లతో, టోపీ చంకలో పెట్టుకుని హ్యూబర్ట్ స్టగ్స్ నిలబడి ఉన్నాడు. పశువుల డాక్టరు. పదకొండేళ్ళుగా శనివారాలు వచ్చేది అతనే. ఏదో పొలం నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. అందరితోపాటు అతనూ చప్పట్లు కొడుతున్నాడు.

ఆ చప్పట్లే థ్రెల్‌ఫాల్‌ను పీక్కుతిన్నాయి. తిట్టినా బాగుండేది.

తరవాతి శనివారం స్టగ్స్ రాలేదు. ఆవు ఈనుతోందని చీటీ పంపాడు. ఆపై వారం గుర్రానికి బాగాలేదట. మూడో వారం చీటీ కూడా లేదు. వెళ్ళి క్షమించమని అడగాల్సింది. కానీ సిగ్గు మనిషిని వంచకపోతే బిగదీస్తుంది. 'వాడు లేకపోతే నా చెయ్యి ఆగుతుందా?' అనుకున్నాడు థ్రెల్‌ఫాల్. ఎనిమిదో నవలలో బ్రాంబుల్‌ని తీసేసి, కథంతా ఫ్రేక్ నోటే చెప్పించాడు. ఐదు నెలలు పట్టింది.

లండన్లో అతని ఎడిటర్ మిస్ డల్సీ రెన్‌షా రాతప్రతిని బల్లమీద అతని వైపు తోసింది.

"ఇరవై నాలుగో పేజీ చూడండి. చచ్చిపోయినావిడ వంటింట్లో ఫ్రేక్ పాల కూజా చూశాడు, 'అంతా అర్థమైంది' అన్నాడు. ఏం అర్థమైందో రెండొందల ముప్పయ్యో పేజీ దాకా చెప్పడు. నేను వాడి తలలోనే కూర్చుని ఉన్నానండీ. నా దగ్గర ఎందుకు దాస్తున్నట్టు?"

"చెబితే పుస్తకం అక్కడితో అయిపోతుంది కదా."

"అవును. చెబితే కథ లేదు, దాస్తే మోసం. బ్రాంబుల్ ఉంటే ఈ బాధే లేదు. కూజా నిండుగా ఉందని బ్రాంబుల్ నాకు చెప్పేస్తాడు. పాపం పొద్దున ఎవరూ టీ తాగలేదని జాలిపడి, పక్క గదిలోకి వెళ్ళిపోతాడు. చూసిందేదీ దాచలేదు, అబద్ధమాడలేదు. అతనికి అర్థం కాలేదు, అంతే. నేనూ అతనితోపాటే నడిచి వెళ్ళిపోతాను. ఆఖర్న, 'అయ్యో, ఆవిడ రాత్రే పోయిందని చెప్పే కూజా నాకూ చూపించాడే!' అని నా నెత్తి నేనే కొట్టుకుంటాను. ఆ సుఖం కోసమే కదా మీ పుస్తకాలు కొనేది?"

ఆవిడ ఆపలేదు.

"పోనీ, బయటివాడెవడో చెబుతున్నట్టు రాశారనుకోండి. ఫ్రేక్ మనసు దగ్గరికి రాగానే తలుపేస్తే అదీ మోసమేనని తెలిసిపోతుంది. స్నేహితుడికైతే ఆ తలుపు మొదట్నుంచీ మూసే ఉంటుంది. ఇంకో మాట. ఇందులో ఫ్రేక్ తన తెలివిని తానే మెచ్చుకుంటుంటే పుస్తకం కిటికీలోంచి గిరాటేద్దామనిపించింది. ఉల్లిపాయ కొరికితే ముక్కు మూసుకునేవాడు లేడు. 'ఎలా తెలిసింది?' అని అడిగేవాడు లేడు. తనకు తెలిసింది తనకే విడమరిచి చెప్పుకుంటాడేమిటండీ ఎవరైనా? ఫ్రేక్‌ని నేనెప్పుడూ ఇష్టపడలేదు, మిస్టర్ థ్రెల్‌ఫాల్. బ్రాంబుల్ ఇష్టపడ్డాడు కాబట్టి భరించాను."

"బ్రాంబుల్ మొద్దు అనుకున్నాను," అన్నాడు థ్రెల్‌ఫాల్.

"మొద్దయితే రెండో పేజీకే విసుగొచ్చేది. అతను మంచి కళ్ళున్నవాడు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడనివాడు."

రైల్లో దారిపొడుగునా థ్రెల్‌ఫాల్‌కి చెవులు మండుతూనే ఉన్నాయి. మర్నాడు మధ్యాహ్నం స్టగ్స్ ఇంటికెళ్ళాడు. స్టగ్స్ పెరట్లో పశువులకు మందు పట్టే గొట్టాలు కడుగుతున్నాడు.

"ఏమోయ్ థ్రెల్‌ఫాల్, దారి తప్పావా?"

"ఆ రోజు హాల్లో నేనన్నది... నీచంగా మాట్లాడాను స్టగ్స్. క్షమించు."

"దానికేముందిలే. నిజమే కదా. ఒక్కసారైనా హంతకుణ్ణి పట్టుకున్నానా?" నవ్వాడు, కానీ తలెత్తలేదు. "చదువుతావా ఏమిటి, కాగితాలు తెచ్చావు?"

వంటింట్లో కూర్చుని థ్రెల్‌ఫాల్ మొదటి అధ్యాయాలు చదివాడు. బ్రాంబుల్ మాటల్లోకి మారుస్తూ చదివాడు. కూజా వచ్చింది. వెనకటి స్టగ్స్ అయితే ఈపాటికి బల్ల గుద్ది, 'ఆ తోటమాలే!' అని అరిచేవాడు. ఇప్పుడు బిగుసుకు కూర్చున్నాడు.

"ఎవరనుకుంటున్నావు?"

"నేనేమీ అనుకోవడం లేదు."

"ఏదో ఒకటి అనవోయ్."

స్టగ్స్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "వెనక నోటికొచ్చింది అనేసేవాణ్ణి. ఇప్పుడు నోరు తెరిస్తే చాలు, ఆ హాల్లో నవ్వు వినిపిస్తుంది. ఏంచేయను చెప్పు?"

థ్రెల్‌ఫాల్‌కి తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళు ఆ మనిషి తన ముందు భయం లేకుండా తెల్లబోయాడు. పుస్తకాలకు ప్రాణం పోసిన ఆ తెల్లబోవడాన్ని, ఒక్క నవ్వు కోసం తనే చంపుకున్నాడు. క్షమాపణ చెబితే తిరిగొచ్చేది కాదది.

అంతలో పొలం నుంచి కబురొచ్చింది. "నేనూ రానా?" అన్నాడు థ్రెల్‌ఫాల్. నీ ఇష్టం అన్నట్టు స్టగ్స్ భుజాలెగరేశాడు.

కొట్టంలో ఓ ఆవు వీపు విల్లులా వంచి, ముందరి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. రెండు రోజులుగా మేత ముట్టలేదట.

"అజీర్తి," అన్నాడు థ్రెల్‌ఫాల్. స్టగ్స్ తల అడ్డంగా ఊపాడు. "అయితే గిట్ట నొప్పి." ఆ మాటకు రైతు కిసుక్కున నవ్వాడు. థ్రెల్‌ఫాల్ ముఖం కందిపోయింది. నవ్వులపాలవడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

స్టగ్స్ ఆవు మూపు దగ్గర గట్టిగా నొక్కాడు. అది మూలిగింది. పల్లం వైపు నడిపించబోతే మొరాయించింది; ఎగువకి మాత్రం నెమ్మదిగా నడిచింది.

"ఈమధ్య కంచె బాగుచేశారా?" అని అడిగాడు రైతుని.

"పోయిన వారమే. గడ్డిచేను పక్కన తీగలు కత్తిరించాం."

"ఆ ముక్క ఒకటి గడ్డితో మింగింది. పొట్టలో గుచ్చుకుని, గుండె వైపు పోతోంది. రేపు పొద్దున పొట్ట కోసి తీయాలి. అందాకా ముందరి కాళ్ళు ఎత్తు మీద ఉంచండి."

"ఎలా తెలిసిందోయ్ నీకు!" అన్నాడు థ్రెల్‌ఫాల్. ఆ మాట ఏ ఎత్తుగడా లేకుండా, నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. స్టగ్స్ అతని వంక వింతగా చూశాడు. తరవాత నేలమీద కూర్చుని, పుల్లతో ఆవు పొట్ట గీసి, ఓపిగ్గా ఒక్కొక్కటే చెప్పాడు. తీగ ఎక్కడ ఆగుతుంది, పల్లానికి దిగితే ఎందుకు నొప్పి, ముందరి కాళ్ళు ఎందుకు ఎడం పెడుతుంది. థ్రెల్‌ఫాల్ పక్కనే చతికిలబడి విన్నాడు, సగం అర్థం కాక మళ్ళీ మళ్ళీ అడిగాడు. అడిగినకొద్దీ స్టగ్స్ గొంతు తేలికపడింది.

ఆవు బతికింది. మరుసటి ఏడాది ఎనిమిదో నవల బ్రాంబుల్ మాటల్లోనే వెలువడింది. స్టగ్స్ మళ్ళీ రావడం మొదలుపెట్టాడు గానీ, ప్రతి శనివారమూ కాదు. హంతకుడెవరో చెప్పమంటే వెంటనే చెప్పడు. చేతిలో ఫోర్కు ఆపి, థ్రెల్‌ఫాల్ ముఖంలోకి ఒకసారి చూసి, అప్పుడంటాడు. ఎంతసేపైనా సరే, థ్రెల్‌ఫాల్ తల వంచుకుని ఆగుతాడు.