చీరలకు కోటీ పది

ప్రొద్దుటూరులో మా మామ బదరీనారాయణ దగ్గర చీర బేరమాడి గెలిచినవాళ్లు లేరు. ఆ జబ్బు ఇంట్లో కూడా తగ్గలేదు. అందుకే దసరా సరుకు దిగిన రోజు, పాలసీల దస్తగిరి కొట్లోకి రాగానే, నేను కొంగు బిగించి గల్లా పక్కనే కూర్చున్నాను.

బెంగుళూరు చిక్కపేటలో మేము కొత్త కొట్టు పెడుతున్నాం. మా ఆయన వంశీధర్‌కు లెక్కలొచ్చు గానీ పట్టుకీ పాలిస్టర్‌కీ తేడా తెలియదు. చీర నాణ్యం చూడ్డం వచ్చినది మా అత్త కృష్ణవేణమ్మకే. కాబట్టి ఆమె మాతో వచ్చి అక్కడే ఉండాలి. ఆమెకు ఏడేళ్లుగా షుగరు. ఆమె పేర ఉన్న హెల్త్ పాలసీ పదేళ్ల కిందట రాయించినది, ఐదు లక్షలు. ఆ రోజే రెన్యూవల్.

దస్తగిరి ముందు కొట్టు అగ్ని ప్రమాదాల పాలసీ తీశాడు.

"పోయినేడు ఎనభై లచ్చలు రాసినాం శెట్టీ. ఈ తూరి?"

"కోటీ పది రాయి," అన్నాడు మామ తడుముకోకుండా. "చీరల రేట్లు యాడికి పోతాండాయో చూస్తాండావు కదా. తక్కువ రాసి, కాలినాక కోత పెడితే ఎవుడు కట్టల్ల?"

"మరి అమ్మగారిది?"

"అదే ఐదు. అడ్రస్ కూడా ప్రొద్దుటూరుదే ఉండనీ. ప్రీమియం తక్కువ పడతాది."

నాకు ఒళ్లు మండింది. నెల రోజులుగా బెంగుళూరు ఆసుపత్రుల బిల్లింగ్ కౌంటర్లకు ఫోన్లు చేసి విసిగించింది నేను.

"మామా, ఆడ గుండె బైపాస్‌కే ఐదారు లచ్చలు. ఐసీయూలో నాలుగు రోజులు ఎక్కువుంటే పదికి పోతాది. అది ఈ పొద్దు రేటు. ఏడాదికి నూటికి పన్నెండు లెక్కన పెరిగితే ఆరేండ్లకు రెట్టింపు. అప్పుడు పది కాదు, ఇరవై."

"నా హెర్నియాకు నలభై వేలు గూడా కాలేదే!"

"అది ఈడ. అత్త ఉండేది ఆడ."

దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. "నీ కోడలు పాప జెప్పింది నిజం శెట్టీ. ఈ పాలసీలో ఊర్లను బట్టి ప్రీమియం. ఈ ఊరి రేటు కట్టి బెంగుళూరులో చేరితే బిల్లులో ఐదో వంతు మీరే కట్టుకోవల్ల. ఇంకోటి, పెంచిన మొత్తానికి షుగరు సంబంధమైనవి మూడేండ్ల దాకా రావు. ఈ పొద్దు పెంచితే ఆ మూడేండ్లు ఈ పొద్దే మొదలైతాయి. పాలసీ పది చేసి, పది దాటిన ఖర్చుకు ఇరవై లచ్చల సూపర్ టాపప్ వేసుకుంటే, ముప్పై ఒకే పాలసీగా తీసుకునేదానికంటే శానా తక్కువలో పోతాది."

"ముప్పై లచ్చల రోగం ఈమెకేం వస్తాదప్పా? గుండ్రాయి మాదిరుంది. ఐదే రాయి."

అంతసేపూ అత్త చీరలు మడతపెడుతూనే ఉంది. పెళ్లయి నేను ఈ ఇంటికి వచ్చిన ఈ పదేళ్లలో ఆమె కొట్లో మామకు ఎదురు చెప్పగా నేను చూడలేదు. ఆ రోజు చేతిలోని చీర తీసుకొచ్చి ఆయన ముందు పడేసింది.

"ఏమయ్యా, ఏటేటా దీని రేటు పెరుగుతాదని నీకు తెలుసు. ఆసుపత్రి రేటు మాత్రం పదేండ్ల నుంచి ఆడనే నిలబడుకోనుండాదా?"

"ఏందే, అందరి ముందర..."

"అందరి ముందరే. చీరలకు కోటీ పది, నాకు ఐదు. ఆ ఐదు రాసుకోని నువ్వే పో బెంగుళూరుకు. ఆడ గద్దె మీద నువ్వే కూర్చో. నేను రాను."

కొత్త కొట్టు అడ్వాన్సు ఇచ్చేశాం, ముహూర్తం పెట్టేశాం. ఆమె లేకుంటే అక్కడ కొట్టు లేదని మామకు అందరికంటే బాగా తెలుసు. నాకు ఈల వేయాలనిపించింది.

"సరే, పది రాయి," అన్నాడు చివరికి. "టాపప్పు గీపప్పు వద్దు."

"బేరమాడొద్దు," అంది అత్త. "నేను నీ సరుకు కాదు. పదీ, దానిమింద ఇరవై. అడ్రస్ బెంగుళూరు. షుగరు ఉండాదని ఈ కొత్త కాగితంలో గూడా రాయి దస్తగిరీ, ఏమీ దాచొద్దు."

"అంత దుడ్లు ఎందుకే నీకు?" ఆయన గొంతు తగ్గింది. అది కోపం కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"చీర కాలిపోయినాక దాని విలువ వస్తాది నీకు. నేను కాలిపోయినాక ఎవురేమిచ్చినా నాకొద్దు. కాలకముందు, బతికేదానికి రాయించు."

గుమాస్తాలు కూడా తలెత్తి చూశారు. మామ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ముప్పైకి సంతకం చేశాడు.