అమ్మ కొలత

నలభై ఏళ్లు బట్టలు కుట్టాను. చదువు నాలుగో తరగతితో ఆగిపోయినా, ఎవరి భుజం ఎంతో, ఎవరి నడుము ఏ ఏడు పెరిగిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అలాంటి నేను ఒకే ఒక్క కోటు పాడు చేశాను. అదీ నా మనవరాలిది.

ఈ పిల్ల నోట్లో నాలుక లేని పిల్ల. పక్కన కూర్చున్నా చెవి ఒగ్గి వినాలి. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, ముద్దుగా 'గుసగుస' అని పిలిచేది. నా కూతురు పోయి పద్నాలుగు నెలలైంది. ఒక ఆఫీసులో, వచ్చినవాళ్లు ముందుగా చూసే బల్ల దగ్గర కూర్చునేది. దానికి ఒక ముదురు నీలం కోటు ఉండేది. అది వేసుకుని నిటారుగా నడిచివస్తే, పై అధికారులే పక్కకు జరిగేవారని చెప్పుకుని నవ్వేది.

గుసగుస చదువు పూర్తవుతూనే కాలేజీకి ఒక కంపెనీ వచ్చింది. దీని చదువు చదివినవాళ్ల కోసం ఆ ఏడాది వచ్చింది అదొక్కటే. నాలుగు వందల మంది పరీక్ష రాస్తే, ఇరవై రెండు మందిని ఇంటర్వ్యూకి పిలిచారు. రాతపరీక్షలో మనదే మొదటి పేరు. కాగితం మీద పులి, మనుషుల ముందు పిల్లి. ఆ ఒక్క గది దాటితే చాలని నేనూ, అదీ అనుకున్నాం.

ఇంటర్వ్యూ రెండు రోజులుందనగా కాలేజీ నుంచి కబురొచ్చింది. లేతరంగు చొక్కా, ముదురు ప్యాంటు, ముందు భాగం మూసిన బూట్లు, ముడివేసిన జుట్టు. కోటు ఉంటే వేసుకోవచ్చు, లేకపోయినా ఫరవాలేదు.

ఇంట్లో ఉన్నవన్నీ మంచం మీద పరిచాం. బల్బు వెలుగులో రంగు మోసం చేస్తుందని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. తెల్లచొక్కా పలచన, లోపలిది కనిపిస్తుంది. నీలంది చంకల్లో చెమట పడితే మచ్చ తేలుతుంది. ఇంకొకటి వేసుకుని కుర్చీలో కూర్చోమంటే, ఛాతీ దగ్గర గుండీల మధ్య గుడ్డ నోరు తెరిచింది. నిలబడినప్పుడు బాగున్న చొక్కా కూర్చుంటే బాగుండాలని లేదు, ఇంటర్వ్యూ అంతా కూర్చునే కదా. చివరికి దీనితోపాటే ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన పక్కవీధి స్నేహితురాలు తన మీగడరంగు చొక్కా ఇచ్చింది. ఆ పిల్ల నోటికి తాళం ఉండదు, అందుకే అందరూ 'రేడియో' అంటారు. రంగు సరిగ్గా కుదిరింది గానీ, నడుము దగ్గర రెండంగుళాలు వదులు.

"చొక్కా ప్యాంటు చాల్లేవే, హాయిగా ఉంటావు. కోటుంటే ఊపిరాడక చస్తావు," అంది రేడియో.

 మనవరాలు అలమర తెరిచి వాళ్ళమ్మ కోటు తీసి భుజాల మీద వేసుకుంది. 

"ఇది వేసుకుంటే నేను తక్కువ, అమ్మ ఎక్కువ కనిపిస్తాం కదా అమ్మమ్మా," అంది.

వద్దని ఎవరంటారు? నాకూ అదే కావాలి.

నా కూతురు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఇదేమో పుల్ల. కోటు భుజాలు కిందికి జారిపోతున్నాయి. కోటు నడుము తగ్గించడం గంట పని. భుజం తగ్గించడం అలా కాదు. చేతులు ఊడదీయాలి, లైనింగు విప్పాలి, లోపలి ప్యాడ్లు జరపాలి, చంక గుండ్రం మళ్లీ గీసి కత్తిరించాలి, చేతిని ఆ గుండ్రానికి సరిపడా నొక్కులు లేకుండా ఎక్కించాలి. అద్దం ముందు నిలబెట్టి, "భుజాలు వెనక్కి పెట్టు, తల ఎత్తు, చేతులు కిందికి," అన్నాను. నిలబడింది. అచ్చం వాళ్ళమ్మే. కళ్లు మసకబారి టేపు మీద అంకెలు అలికేసినట్టయ్యాయి. అలాగే సుద్దతో గీతలు పెట్టాను. కచ్చాకుట్టు వేసి తొడిగి చూస్తే, వీపు మీద ఒక్క ముడత లేదు. పలకలా ఉంది. లోపల ఎక్కువైన గుడ్డ ఉబ్బుగా ఉందని కత్తిరించి పారేశాను.

నలభై ఏళ్లలో ఏ కోటైనా, తొడిగాక చేతులు ముందుకు చాపించి, పైకెత్తించి చూడకుండా ఇచ్చింది లేదు. ముడత లేని వీపు ఫోటోకి బాగుంటుంది. బతికున్న మనిషికి వీపులో రెండు వేళ్ల వదులు ఉండాలి. ఇది నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ నేనే చెప్పాను. ఆ రోజు నేనే మరిచాను.

కోటుకే రెండు రోజులూ పట్టాయి. చొక్కా నడుము తగ్గించడానికి వేళ లేకపోయింది. వీపున గుడ్డ మడిచి నాలుగు పిన్నులు పెట్టాను. కాలరు, ముందు పట్టీ, ముంజేతి పట్టీలు మాత్రమే ఇస్త్రీ చేశాను. కోటు కింద ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి, "ఉద్యోగం రాలేదు అమ్మమ్మా. నాకు జవాబు తెలియలేదు," అంది. కోటు తీసి హ్యాంగరుకు తగిలించి పడుకుంది. నమ్మాను.

మూడో రోజు రేడియో వచ్చింది. ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది, కానీ ముఖంలో ఆ కళ లేదు. తన వంతు కోసం అద్దం తలుపు బయట కూర్చుని అంతా చూసిందట, మాటలూ వినిపించాయట. లోపల ముగ్గురు కూర్చున్నారట. కూర్చున్నంతసేపూ గుసగుస బాగానే మాట్లాడింది, ఒకాయన నవ్వాడు కూడా. తర్వాత ఏదో ప్రోగ్రాము నడిచే దారిని బోర్డు మీద గీసి చూపమన్నారు. బోర్డు గోడకు ఎత్తుగా ఉంది. పెన్ను పట్టుకుని చెయ్యి ఛాతీ దాకా ఎత్తి ఆగిపోయింది. పైన రాయమన్నారు. ఎత్తలేదు. వాళ్లలో ఒకావిడ మంచిగానే, కోటు తీసేసి రాయమ్మా అన్నదట. తీయలేదు. అట్లాగే నిలబడింది. చాలన్నారు.

రేడియో చెబుతుంటే, మనవరాలు గుమ్మంలో నిలబడి వింటోంది.

"చెయ్యెత్తితే వీపులో టిక్‌మంది," అంది. "ఒక్క దారం. ఇంకొంచెం ఎత్తితే అమ్మ కోటు చిరిగిపోతుందని తెలిసింది. తీద్దామంటే లోపల పిన్నులు."

"చిరిగితే చిరిగేది, నేను మళ్లీ కుట్టనా?" అన్నాను.

"అది అప్పుడు గుర్తు రాలేదు."

జవాబు తెలుసా అని అడిగాను. తెలుసంది. ఏళ్ల తరబడి గట్టిగా మాట్లాడని పిల్ల, ఆ రోజు గొంతు పెంచకుండానే నన్ను కోసేసింది.

"నువ్వు నన్ను కొలవలేదు అమ్మమ్మా. అమ్మను కొలిచావు. నేనెప్పుడు అలా నిలబడ్డాను?"

నిజం. అది భుజాలు ముందుకు వంచి నడిచే పిల్ల. వంగిన వీపుకు గుడ్డ ఎక్కువ కావాలి. నేను దాన్ని ఇంకొకరిలా నిలబెట్టి, ఇంకొకరిని చూసుకుని కత్తెర పెట్టాను. వదులు చేసిస్తానని కోటు తీసుకోబోయాను గానీ, లోపల వదలడానికి అంగుళం కూడా మిగల్చలేదు. ఆ మాటా చెప్పాను. దాచి ఏం లాభం? కోటు ఇప్పుడు దానికీ పట్టదు, దాని తల్లికీ కాదు.

అది ఏడవలేదు. రేడియోకి మంచినీళ్లిచ్చింది. ఉద్యోగం వచ్చినందుకు బాగుందే అంది, మనస్ఫూర్తిగానే అంది.

నెల తర్వాత ఇంకో ఊళ్లో, ఇంకో కంపెనీ ఎవరైనా ఇంటర్వ్యూకి రావచ్చందట. చిన్న ఉద్యోగమే. ముందురోజు మధ్యాహ్నం, పక్కగదిలో మిషను చప్పుడైంది. రేడియో దగ్గర నుంచి ఆ మీగడరంగు చొక్కా కొనుక్కుని, దాని నడుము తానే తగ్గించుకుంటోంది. నన్ను పిలవలేదు. చప్పుడును బట్టి తెలుస్తోంది, మలుపు దగ్గర మరీ వేగంగా తొక్కుతోంది, దారం ముడిపడుతుంది. లేవబోయాను. మళ్లీ కూర్చున్నాను. ముడి పడింది, మిషను ఆగింది. చాలాసేపటికి, నెమ్మదిగా, మళ్లీ మొదలైంది.