స్టెల్లా మెయిల్స్

నా భార్య రాసిన మాటలన్నీ ఆమె సొంత తమ్ముడే చెరిపేశాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

స్టెల్లా ఉయ్యూరులో టీచరు. రిటైరయ్యాక ఆరోగ్యం బాగాలేని వాళ్ళు, బిడ్డలు పోయిన తల్లులు ఎక్కడెక్కడి నుంచో ఆమెకు మెయిల్ రాసేవారు. చర్చి పత్రికలో ఆమె అడ్రసు ఉండేది. అందరికీ జవాబు రాసేది. వాళ్ళెవరో నాకు తెలియదు. ఆమె పోయాక రోజూ పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి, ఆమె పంపిన జవాబు ఒకటి చదివేవాణ్ణి. ఆమె గొంతు అందులోనే మిగిలింది.

ఆ లాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతుండేది. బావమరిది జోయెల్ బెజవాడలో కంప్యూటర్ల పనే చేస్తాడు. కొత్తది కొని, మెయిల్స్, అడ్రసులు, సెట్టింగులు అన్నీ అందులోకి మార్చమని చెప్పాను. పాతది తీసుకుపోయి నాలుగు రోజులకు కొత్తది తెచ్చాడు.

"అన్నీ వచ్చాయా?"

"వచ్చేశాయి బావా. ఇన్‌బాక్స్ నిండా ఉంది, చూడండి."

"పాతదేదీ?"

"ఫార్మాట్ చేసి సండే స్కూల్‌కి ఇచ్చేశాను. అక్క పేరు చెప్పుకుంటారు గదా."

తెరిచాను. అక్క మరణానికి సంతాపం, మా ప్రగాఢ సానుభూతి, దేవుడు ఆదరించుగాక. అన్నీ ఈ రెండు వారాల్లో మా బంధువులు, చర్చివాళ్ళు పంపినవే. పంపినవి ఉండే సెంట్ ఫోల్డర్ ఖాళీ. అడ్రస్ బుక్ ఖాళీ.

"ఆమె రాసినవేవిరా?"

జోయెల్ చాలాసేపు మౌస్ కదిపాడు. మొహం పాలిపోయింది.

"అక్క పాత పద్ధతిలో పెట్టుకుంది బావా. మెయిల్ లాప్‌టాప్‌లోకి దిగాక పద్నాలుగు రోజులే సర్వర్‌లో ఉంటుంది, తర్వాత చెరిగిపోతుంది. పంపినవి, అడ్రసులు అసలు సర్వర్‌లో ఉండవు. పాతదాన్లో అవన్నీ దాచిపెట్టే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుంటే అన్నీ వచ్చేవి."

"మరి చేయలేదేం?"

"అకౌంట్ పెట్టగానే మెయిల్స్ గబగబా దిగాయి. అన్నీ వచ్చాయనుకున్నా."

"తెరిచి ఒక్కటి చదివావా?"

జోయెల్ లాప్‌టాప్ మూత దించేశాడు.

సండే స్కూల్ నుంచి పాతదాన్ని వెనక్కి తెచ్చి గవర్నర్‌పేటలో ఒక షాపులో ఇచ్చాం. ఇలా చెరిపినది ఇక రాదని షాపతను దాన్ని చేతిలో పెట్టాడు.

"బావా, అక్క ఎవరెవరికి రాసిందో వాళ్ళని అడిగితే తిరిగి పంపుతారేమో," అన్నాడు జోయెల్ దారిలో.

"ఎవర్నిరా అడగడం? అడ్రసులు కూడా నువ్వే చెరిపావు."

బస్సు దిగేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. నేను ఓదార్చలేదు.

ఆదివారం అతని భార్య దీవెన వచ్చింది.

"అన్నయ్యగారూ, ఆయన అన్నం తినట్లేదండి. ఒక్క మాట క్షమించాననండి."

"కాఫీ తాగి వెళ్ళమ్మా."

"దాని గురించి..."

"దేని గురించీ లేదు. ఈ ఇంట్లో ఆ మాట ఇంకెవరూ ఎత్తరు. నేనూ ఎత్తను."

ఇదంతా నేను చెప్పడం ఇదే మొదలు, ఇదే ఆఖరు.