నెలకి రెండువేలు తక్కువ

డాక్టరు చెప్పింది ఆరునెలలు, మహా అయితే ఏడాది. చెప్పింది ఫోర్‌మన్‌కి కాదు, ఆయన భార్యకీ కూతురికీ. ఆసుపత్రి మెట్లు దిగుతూనే కూతురు తేల్చేసింది. "నాన్నకి తెలిస్తే ఆ బెంగతోనే పోతారు. కడుపులో పుండని చెబుదాం." తల్లి సరేనంది. కారం తగ్గించాలి, మాత్రలు వేసుకోవాలి, అంతే. ఫోర్‌మన్ నమ్మేశాడు. నలభై ఏళ్ళు ప్రెస్సులో మిషను చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పిన మనిషి, ఇంట్లో రెండు నెలలుగా జరుగుతున్న నాటకం పసిగట్టలేదు. పసిగట్టడానికి ముందు అనుమానమంటూ ఉండాలిగా. పెళ్ళాం తనతో అబద్ధం ఆడుతుందన్న ఊహే ఆయనకి లేదు.

ఇంతలో రిటైరయ్యాడు. పింఛను ఫండు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, భార్యతో సహా రమ్మని. ముందురోజు కూతురు ఫోన్ చేసి, "నెలనెలా తీసుకుంటే నాన్నతోనే ఆగిపోతుందట. మొత్తం ఒకేసారి తీసుకోమను. అసలు సంగతి చెప్పకుండా ఒప్పించు," అంది. చెప్పకుండా ఒప్పించాలట. ఫోన్లో చెప్పేవాళ్ళకేం, ఎన్నయినా చెప్తారు.

ఆఫీసులో టోకెన్ తీసుకుని గంటసేపు కూర్చున్నాక వాళ్ళ నంబరు వచ్చింది. అద్దం అవతల కళ్ళజోడు ఆఫీసరమ్మ కాగితాలు తిప్పి, ఓపిగ్గానే చెప్పింది.

"మీ ఖాతాలో ముప్ఫై లక్షలుంది సార్. మొత్తం ఒకేసారి తీసుకోవచ్చు. తీసుకుంటే ఇక మాకూ మీకూ సంబంధం ఉండదు, అది ఎన్నాళ్ళొస్తుందన్నది మీరు వాడుకునేదాన్ని బట్టి. లేదంటే ఆ మొత్తం మాకు వదిలేయండి, మీరున్నన్నాళ్ళూ నెలకి ఇంతని ఇస్తాం. నూరేళ్ళు బతికినా ఇస్తాం. పెరగదు, తరగదు. ఒకసారి మొదలయ్యాక మనసు మార్చుకోడానికి మాత్రం కుదరదు."

"నెలనెలా ఇవ్వండమ్మా," అన్నాడు ఫోర్‌మన్, క్షణం ఆలోచించకుండా. "జీతంలాగే ఉంటుంది."

"ఏవండీ," అంది ఆవిడ మెల్లిగా. "మొత్తం తీసుకుంటే మంచిదేమో."

"ఎవరికి మంచిది? మీ తమ్ముడికా?"

ఆవిడ తమ్ముడు టైర్ల షాపు పెడతానని పోయినేడాది నుంచీ చెవిలో జోరీగలా డబ్బడుగుతున్న మాట నిజమే. ఫోర్‌మన్ ఆఫీసరమ్మకేసి తిరిగి నవ్వాడు. "మావాళ్ళకి నా రిటైర్‌మెంటు తేదీ నాకంటే బాగా గుర్తు."

ఆఫీసరమ్మ నవ్వలేదు. రెండు అంకెల కింద గీతలు గీసి కాగితం వాళ్ళ ముందుకి జరిపింది.

"మీ ఒక్కరి పేరునైతే నెలకి ఇరవైవేల అయిదువందలు. అది మీతోనే ఆగిపోతుంది. అనకూడదు గానీ, రేపే ఏమైనా అయితే మిగిలింది ఫండుకే. తొందరగా పోయినవాళ్ళది ఎక్కువకాలం ఉన్నవాళ్ళకి సర్దుతాం, ఈ ఏర్పాటే అంత. ఇద్దరి పేరునైతే పద్దెనిమిదివేల అయిదువందలు. మీ తర్వాత అమ్మగారికి అంతే వస్తుంది, ఆవిడున్నన్నాళ్ళూ."

"ఇద్దరికైతే రెండువేలు తగ్గడమేమిటి?"

"అమ్మగారు మీకంటే ఆరేళ్ళు చిన్న. మీ తర్వాత కూడా చాలాకాలం ఇవ్వాల్సి రావచ్చు కదా సార్."

ఫోర్‌మన్ వేళ్ళ మీద లెక్కేశాడు. "మా నాన్న తొంభై ఒకటిదాకా ఉన్నాడు. నేను తొంభై ఉన్నా ముప్ఫై ఏళ్ళు. నెలకి రెండువేలంటే ఏడు లక్షల ఇరవైవేలు. ఊరికే వదులుకోమంటారా?"

"మీకేమైనా అయితే నా గతేం కాను?" అంది ఆవిడ.

"పుండుతో ఎవడైనా పోతాడుటే? ఆ మిగిలే రెండువేలూ నెలనెలా నీ పేరున వేస్తాను. సరేనా? ఇంక నోరెత్తకు."

అందులో కల్లాకపటం లేదు, నిజంగానే వేస్తాడు. అది ఆవిడకీ తెలుసు.

ఆఫీసరమ్మ ఇంకో కాగితం తీసింది. "ఇద్దరి పేరున ఇవ్వడమే ఇక్కడి పద్ధతి. ఒక్కరి పేరున కావాలంటే, తన హక్కు వదులుకుంటున్నట్టు అమ్మగారు సంతకం పెట్టాలి. మొత్తం ఒకేసారి తీసుకున్నా ఇదే సంతకం."

ఫోర్‌మన్ తన జేబులోంచి పెన్ను తీసి మూత కూడా తిప్పి ఇచ్చాడు. ఆవిడ పట్టుకుంది. సంతకం పెట్టేస్తే ఈ మనిషి హుషారుగా ఇంటికొస్తాడు, ఉన్న నాలుగు నెలలూ పుండు మీద జోకులేసుకుంటూ తిరుగుతాడు. ఆ తర్వాత తను సంచి పట్టుకుని కూతురి గుమ్మంలో నిలబడాలి. పక్కగది మీకే అత్తయ్యా అంటూ అల్లుడు ముఖం గంటు పెట్టుకోవడం ఇప్పుడే కనిపిస్తోంది.

"పెట్టవేం? ఇన్నేళ్ళూ ఏ కాగితమిచ్చినా చదవకుండా పెట్టావుగా."

"నేను పెట్టనండీ."

ఫోర్‌మన్ ముఖం ఎర్రబడింది. పరాయి మనిషి ముందు పరువు తీస్తోందనుకున్నాడు. ఏదో అనబోయి ఆగాడు. తమ్ముడి కోసమే అయితే మొత్తం కావాలని పట్టుబట్టాలి. ఇదేమో ఆ మాటే వదిలేసింది. తను పోయాక వచ్చే డబ్బు కోసం కూర్చుంది. ఆవిడ ముఖంలోకి చూశాడు. మిషను ఆపి లోపలికి చూసినట్టు చాలాసేపు చూశాడు.

"పుండు కాదా?"

ఆవిడ కాదన్నట్టు తలూపింది.

"ఎన్నాళ్ళన్నారు?"

"ఏడాదిలోపు."

"నీకెప్పుడు తెలుసు?"

"రెండు నెలలయింది."

ఆఫీసరమ్మ స్టాప్లర్ అటు జరిపి ఇటు జరిపింది. కాసేపటికి చాలా మెల్లిగా, "ఇలాంటప్పుడు ఒకేసారి తీసుకునేవాళ్ళు కూడా ఉంటారు సార్. ఇంకా ఏదీ మొదలవలేదు," అంది.

"వద్దమ్మా. మొత్తం ఇంటికి తెస్తే పదిమంది చేతులు చాస్తారు, కాదనడం ఈవిడకి చేతకాదు. నెలనెలా అయితే ఈవిడ నోట్లోకన్నా పోతుంది." భార్య చేతిలోంచి పెన్ను లాక్కుని, ఇద్దరి పేరు ఉన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు.

బయట ఎండ మాడ్చేస్తోంది. బస్సు స్టాపుదాకా ఆవిడకంటే ముందు నడిచాడు. నీడలో నిలబడ్డాక అన్నాడు. "నా ప్రాణం సంగతి నాకు చెప్పడానికి రెండు నెలలూ నీకు నోరు రాలేదు. నీ తిండి దగ్గరికొచ్చేసరికి అరగంటలో బయటపడింది."

అలా కాదండీ అందామనుకుంది. అలాగే అయిందిగా మరి.

ఆ తర్వాత అయిదు నెలలున్నాడు. జోకులు మానేశాడు. ఆవిడిచ్చిన మాత్ర తీసుకునేవాడు, పెట్టింది తినేవాడు, ఏమే అని పిలవడం మాత్రం మానేశాడు. అవసరమైతే గ్లాసు బల్ల మీద తట్టేవాడు. చివరిరోజున కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఈవిడకేసి చూడలేదు.

ఆయనకి అయిదుసార్లు వచ్చింది పింఛను. మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చాక ఆరోది ఆవిడ ఖాతాలో పడింది. అదే పద్దెనిమిదివేల అయిదువందలు, ఒక్క రూపాయి తగ్గలేదు. కూతురు ఫోన్ చేసి, "చూశావా అమ్మా, ఆ రోజు నువ్వు సంతకం పెట్టకపోవడం ఎంత మంచిదయిందో," అంది.

"అవును," అంది ఆవిడ. చెప్పులేసుకుని బ్యాంకుకి వెళ్ళింది. సంతకం పెట్టి ఉంటే ఇవాళ చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు, ఆ మనిషి మాత్రం నవ్వుతూ పోయేవాడు. వరసలో నిలబడి ఇదే తిప్పి తిప్పి ఆలోచించింది. తన వంతు రాగానే డబ్బు తీసుకుంది.